వీసా ఇంటర్వ్యూకి వెళ్ళే ఫ్రెండ్‌కి ఏం రాయాలి, ఎప్పుడు పంపాలి

ప్రశ్న: ఎల్లుండి పొద్దున మా ఫ్రెండ్‌కి అమెరికా స్టూడెంట్ వీసా ఇంటర్వ్యూ. ఇంతకుముందు ఒకసారి రిజెక్ట్ అయింది, ఇది రెండోసారి. చాలా టెన్షన్‌గా ఉన్నాడు. "ఆల్ ది బెస్ట్, తప్పకుండా వస్తుంది" అని కాకుండా వాడికి పనికొచ్చేలా ఏం రాయాలి? లోపలికి వెళ్ళేముందు పంపాలా? బ్యాచ్ గ్రూపులో, ఇన్‌స్టాలో కూడా పెడదామనుకుంటున్నాం.

సమాధానం:

ముందు టైమింగ్ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే మెసేజ్ ఎంత బాగా రాసినా చదవాల్సినవాడు చదవకపోతే దండగే. అమెరికా ఎంబసీలు, కాన్సులేట్లు చాలావాటిలో సెల్‌ఫోన్ లోపలికి తీసుకెళ్ళనివ్వరు, స్మార్ట్ వాచీ కూడా అంతే. దాచుకోవడానికి అక్కడ లాకర్ ఉంటుందనే హామీ కూడా లేదు. అంటే ఎల్లుండి పొద్దున వాడి ఫోన్ రూములోనో, బయట నిలబడ్డ అన్నయ్య జేబులోనో ఉంటుంది. అంతకుముందు గంటలో పంపితే? ఆ గంటలో వాడు పాస్‌పోర్ట్ పెట్టానా, ఆన్‌లైన్‌లో నింపిన వీసా ఫారం డీఎస్-160 కన్ఫర్మేషన్ పేజీ ఉందా, యూనివర్సిటీ పంపిన ఐ-20 మీద సంతకం చేశానా, విదేశీ విద్యార్థుల రికార్డుల కోసం కట్టే సెవిస్ ఫీజు రసీదు ఏ ఫైల్లో ఉంది అని పదోసారి చూసుకుంటూ ఉంటాడు. మధ్యలో మోగే ప్రతి మెసేజ్ వాడికి జవాబివ్వాల్సిన ఇంకో పనే అవుతుంది.

అందుకని రెండు మెసేజ్‌లుగా విడగొట్టండి. మొదటిది ఈరోజే, అందులో పని మాటలు తప్ప ఇంకేం వద్దు: "ఫోన్ లోపలికి రానివ్వకపోతే ఎవరి దగ్గర పెడతావ్, పొద్దున నిన్ను దింపేది ఎవరు, నేను రావాలా?" ఇంతే. దీనికి వాడు జవాబివ్వాలి కాబట్టి తీరిగ్గా ఉన్నప్పుడే అడగాలి. రెండోది, అంటే మీరు అడుగుతున్న అసలు విషెస్ మెసేజ్, రేపు సాయంత్రం, రాత్రి భోజనానికి ముందు. పదకొండింటికి పంపితే వాడు పడుకునే ముందు మళ్ళీ ఫోన్ తెరుస్తాడు, తెరిస్తే అదొక్కటే చదివి ఊరుకోడు, ఇంకెవరి ఇంటర్వ్యూ అనుభవాలో వెతుక్కుంటూ ఒంటిగంట దాకా కూర్చుంటాడు. చాలా ఏళ్ళుగా పిల్లలకి మాక్ ఇంటర్వ్యూలు పెట్టే పనిలో ఉన్నాను కాబట్టి చెబుతున్నా, ముందురోజు రాత్రి చదివింది ఎవరికీ ఉపయోగపడగా చూడలేదు, కంగారు పెట్టగా మాత్రం చూశాను.

ఇక ఏం రాయాలి అనేది తేలాలంటే అక్కడ కిటికీ దగ్గర ఏం జరుగుతుందో మీకూ కాస్త తెలియాలి. వేలిముద్రలు అయ్యాక ఒక అద్దం కిటికీ ముందు నిలబడాలి, అవతల ఆఫీసర్, మధ్యలో మైకు. ఆఫీసర్ ఎదురుగా తెర మీద మీవాడు నింపిన డీఎస్-160 ఉంటుంది, పోయినసారి రిజెక్ట్ అయిన రికార్డూ ఉంటుంది. చాలామందికి మొత్తం వ్యవహారం రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది. ఈ యూనివర్సిటీ ఎందుకు, ఇంతవరకు ఏం చదివావు, ఖర్చు ఎవరు పెడుతున్నారు, చదువయ్యాక ఏం చేస్తావు, ఎక్కువగా ఈ చుట్టూనే తిరుగుతాయి. మోసుకెళ్ళిన ఫైలు చాలాసార్లు తెరవనే తెరవరు.

విద్యార్థులకి ఎక్కువగా వచ్చే రిజెక్షన్ పేరు 214(బి). అది వాళ్ళ ఇమిగ్రేషన్ చట్టంలో ఒక సెక్షన్ నంబరు. దాని ప్రకారం స్టూడెంట్ వీసా అడిగే ప్రతివాడినీ అక్కడే ఉండిపోవడానికి వస్తున్నవాడిగానే ముందు లెక్కేస్తారు, కాదని నమ్మించాల్సిన బాధ్యత అడిగేవాడిది. ఆఫీసర్ ఏదో తప్పు పట్టుకుంటేనే రిజెక్ట్ చేస్తాడని చాలామంది అనుకుంటారు. కాదు, నమ్మకం కుదరకపోతే చాలు. దాని మీద అప్పీలు లేదు, మళ్ళీ కొత్తగా అప్లికేషన్ నింపి, మళ్ళీ ఫీజు కట్టి రావడమే. మీ ఫ్రెండ్ ఇప్పుడు చేస్తున్నది అదే.

ఇది తెలిశాక "తప్పకుండా వస్తుంది" అనే మాట ఎందుకు పనిచేయదో మీకే అర్థమవుతుంది. అది మీ చేతుల్లో లేదు, వాడి చేతుల్లోనూ పూర్తిగా లేదు. పైగా పోయినసారి కూడా అందరూ అదే మాట అని ఉంటారు. మొదటిసారి వెళ్ళేవాడికి ఆ మాట ముద్దుగా ఉంటుందేమో గానీ రెండోసారి వెళ్ళేవాడికి మాత్రం, "రాకపోతే వీడికి కూడా మొహం చూపించాలి" అనే లెక్కలో ఇంకొకరు చేరతారు, అంతే.

దానికన్నా ప్రమాదం సలహాలు. "మన సీనియర్‌ని ఇది అడిగారంట, నువ్వు ఇలా చెప్పు" అని ముందురోజు పంపేవి. ఒక కేసు తీసుకుందాం. మెకానికల్ చదివిన కుర్రాడు, ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్‌లో ఎమ్మెస్‌కి వెళుతున్నాడు. ఈ యూనివర్సిటీ ఎందుకని అడిగితే చెప్పడానికి వాడి దగ్గర సొంత జవాబు ఉంది: ఫ్యాక్టరీ లైన్లో ఆలస్యాలు ఎక్కడొస్తాయో లెక్కగట్టడం ఇష్టం, దానికి సంబంధించిన రెండు కోర్సులు ఆ సిలబస్‌లో ఉన్నాయి, ఆ పేర్లు తెలుసు. ఇది చాలు. ముందురోజు సాయంత్రం ఒక ఫ్రెండ్ "ఒక ప్రొఫెసర్ పేరు చెప్పు, రిసెర్చ్ బాగుంటుందని చెప్పు, అందరూ అదే చెబుతున్నారు" అని పంపుతాడు. వీడు వెబ్‌సైట్లో ఒక పేరు పట్టుకుని జవాబు మొదట్లో అతికిస్తాడు. పొద్దున ఆఫీసర్, "ఓహో, ఆయన చేసిన పనిలో నీకు నచ్చింది ఏంటి?" అంటాడు. అక్కడ ఆగిపోతాడు. ఆగిపోయాక సొంత జవాబు కూడా నోటికి రాదు. పోగొట్టింది వీడి ప్రొఫైల్ కాదు, ఆ అతుకు. రోజూ పదులమందితో మాట్లాడే ఆఫీసర్‌కి బట్టీ పట్టిన వాక్యం ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు, మొదటి నాలుగు మాటల్లోనే పోల్చుకుంటాడు.

పోయినసారి రిజెక్షన్ గురించి కూడా ఎవరో ఒకరు సలహా ఇస్తారు, "అడిగితే లేదని చెప్పు" అని. అస్సలు వద్దు. మీరు అనకండి, గ్రూపులో ఎవరైనా అంటే ఆపండి. డీఎస్-160లోనే ఎప్పుడైనా అమెరికా వీసా నిరాకరించారా అన్న ప్రశ్న ఉంది, దానికి అవుననే రాయాలి. అక్కడ అబద్ధం దొరికితే అది మామూలు రిజెక్షన్‌తో పోదు, తప్పుడు సమాచారం ఇచ్చాడనే లెక్కలోకి పోయి, ప్రత్యేక మినహాయింపు దొరికితే తప్ప జీవితాంతం వీసాకి అడ్డంగా నిలవగలదు. రెండోసారి వెళ్ళేవాడిని అడిగే అవకాశం ఉన్న ప్రశ్న, "అప్పటికీ ఇప్పటికీ ఏం మారింది?" అనేది. దానికి వాడి దగ్గర నిజమైన జవాబు ఏదో ఉండే ఉంటుంది, కోర్సు మార్చుకున్నాడో, ఈ మధ్యలో ఉద్యోగం చేశాడో, లోన్ మంజూరైందో, లేదా పోయినసారి సరిగా చెప్పలేకపోయినదాన్ని ఇప్పుడు చెప్పగలడో. అది వాడి పని, మీరు మెసేజ్‌లో దాన్ని సరిదిద్దే ప్రయత్నం చేయకండి.

మరి మీరు చేయగలిగేది ఏంటి? వాడి గురించి మీరు కళ్ళారా చూసిన ఒక నిజమైన సంగతి గుర్తుచేయడం. అదీ వాడు ఎల్లుండి చేయబోయే పనికి దగ్గరగా ఉండాలి, అంటే ఏదైనా విషయాన్ని వాడు తేలిగ్గా, సొంత మాటల్లో వివరించిన సందర్భం. "నువ్వు చాలా టాలెంటెడ్" అంటే గాల్లో కలిసిపోతుంది. "ఫలానా రోజు ఫలానాది నాకు ఎలా చెప్పావో చూడు" అంటే వాడికి అప్పటి తన గొంతు గుర్తొస్తుంది. కిటికీ దగ్గర కావలసింది ఆ గొంతే.

సాధారణంగా జనం పంపే మెసేజ్ ఒకటి చూపిస్తా, ఇది నేను అల్లిందే గానీ ఇలాంటివి మీకూ వచ్చుంటాయి:

"మామా, ఈసారి పక్కా, రాకపోతే నన్నడుగు. ఆఫీసర్ కళ్ళలోకి చూసి ఫుల్ కాన్ఫిడెంట్‌గా మాట్లాడు. సీనియర్‌ని ఫండ్స్ మీద దంచేశారంట, ఒకసారి చూసుకో. మీ అమ్మానాన్న ఎంత ఆశ పెట్టుకున్నారో నీకు తెలుసుగా. అవ్వగానే కాల్ చెయ్, వెయిటింగ్ ఇక్కడ. వెళ్ళి సెటిలైపో, వెనకాలే మేమూ వచ్చేస్తాం!"

ప్రేమగానే ఉంది, రాసినవాడి మనసు మంచిదే. కానీ చదివేవాడి వైపు నుంచి చూడండి. "పక్కా" సంగతి చెప్పుకున్నాం. కళ్ళలోకి చూడమంటే, ఆఫీసర్ సగం సేపు తెర వైపు చూస్తూ టైప్ చేస్తుంటాడు, వీడు అది చూసి "నా వైపు చూడట్లేదు, అయిపోయింది" అనుకుంటాడు. ఆఫీసర్ టైప్ చేయడం మామూలే, దాన్నిబట్టి మంచీ చెడూ ఏదీ తెలియదు. ఫండ్స్ ముక్క వాడిని రాత్రికి రాత్రి బ్యాంకు కాగితాల్లోకి తోస్తుంది. అమ్మానాన్నల ఆశ వాడికి మీరు గుర్తుచేయాలా? అది వాడు రోజూ మోస్తున్నదే. "అవ్వగానే కాల్ చెయ్" అంటే బయటికొచ్చి ఇంటికి కూడా చెప్పకముందే మీకు లెక్క అప్పజెప్పాలి. ఇక ఆఖరి వాక్యం సరదాకే రాశారు, కానీ తిరిగి వెళతానని నమ్మించాల్సినవాడికి సెటిలైపో అని రాయడం ఎంత పనికిమాలిన సరదానో ఇన్‌స్టా దగ్గర చెబుతా.

అదే స్నేహంతో నేనైతే ఇలా రాస్తాను. మీకు తగ్గట్టు మధ్యలో సంగతి మార్చుకోండి, లేనిది మాత్రం కల్పించకండి:

"ఒరేయ్, రేపటి గురించి నీకు తెలియంది నేను చెప్పేదేం లేదు. ఒకటి మాత్రం గుర్తొచ్చింది. ఫైనలియర్‌లో మీ ప్రాజెక్ట్‌లో ఆ లైను ఎందుకు ఆగిపోతోందో నాకు కాగితం మీద గీసి చెప్పావు చూడు, నా బ్రాంచ్ కాకపోయినా రెండు నిమిషాల్లో అర్థమైంది. రేపు కూడా అట్లాగే మాట్లాడు, అడిగినదానికి అడిగినంత. దీనికి రిప్లై ఇవ్వకు, తినేసి పడుకో. బయటికొచ్చాక ముందు ఇంటికి చెప్పుకో, నాకు నీకు వీలైనప్పుడు చెప్పు. ఏదైనా సరే, సాయంత్రం నేను ఫ్రీగా ఉంటా. ఆల్ ది బెస్ట్ రా."

ఇందులో నేను కావాలని పెట్టినవి రెండే. ఒకటి "రిప్లై ఇవ్వకు" అన్న మాట, చిన్నదే గానీ ఆ సాయంత్రం వాడికి వచ్చే మెసేజ్‌లన్నిటిలో జవాబు అడగనిది ఇదొక్కటే అవుతుందేమో. రెండోది "ఏదైనా సరే" అన్నది. రిజెక్ట్ అనే మాట ఎత్తకుండానే, అయినా కాకపోయినా సాయంత్రం మనిషిని ఒకణ్ణి ఉంచుతున్నాను అని చెప్పడం. "రాకపోతే ఏముందిలే, ఇంకో దేశం చూసుకుందాం" అని ముందురోజే ఓదార్చేవాళ్ళు ఉంటారు, అది కూడా వద్దు, ఇంకా జరగనిదానికి ఓదార్పు ఎందుకు. ఇంతకన్నా పొడుగు రాయకండి. పైన నేను రాసిందే కాస్త ఎక్కువైంది నిజానికి, బ్రాంచ్ ముక్క తీసేయొచ్చు.

"ఆల్ ది బెస్ట్" వాడొచ్చా అని కొందరు అడుగుతుంటారు, మరీ పాతబడిపోయిందని. నిరభ్యంతరంగా వాడండి. ముందు ఒక నిజమైన వాక్యం ఉంటే దాని వెనక అది బాగానే ఉంటుంది.

ఇప్పుడు ఇన్‌స్టా. దయచేసి వద్దు. 2019 నుంచి డీఎస్-160లో గత ఐదేళ్ళలో వాడిన సోషల్ మీడియా ఖాతాల పేర్లు అడుగుతున్నారు. 2025 జూన్‌లో ఇంకో అడుగు ముందుకేసి, ఎఫ్, ఎమ్, జె వీసాలకి అప్లై చేసేవాళ్ళు, అంటే విద్యార్థులూ ఎక్స్‌చేంజ్ వాళ్ళూ, తమ ఖాతాల ప్రైవసీ సెట్టింగును పబ్లిక్‌గా మార్చుకోవాలని అమెరికా విదేశాంగ శాఖ ప్రకటించింది. కాబట్టి వాడి ఖాతా మామూలుగా లాక్ చేసి ఉండేదైనా ఇప్పుడు తెరిచే ఉండొచ్చు. మీరు వాడిని ట్యాగ్ చేసి "డాలర్లు పంపరా", "గ్రీన్ కార్డ్ లోడింగ్" అని రాస్తే అది వాడి ప్రొఫైల్ మీద అందరికీ కనిపిస్తూ ఉంటుంది. ప్రతి కామెంటూ కూర్చుని చదువుతారని నేననట్లేదు. కానీ చదివితే దానికి సంజాయిషీ చెప్పుకోవాల్సింది మీరు కాదు, వాడు. ఇప్పటికే మీ బ్యాచ్‌లో ఎవరైనా అలాంటిది పెట్టి ఉంటే నిశ్శబ్దంగా తీసేయండి, దాని గురించి వాడికి ఫోన్ చేసి కంగారు పెట్టకండి. వాడి సొంత పోస్టుల సంగతి వాడికి వదిలేయండి.

బ్యాచ్ గ్రూపు వాడి ప్రొఫైల్ మీద కనిపించదు కాబట్టి ఆ భయం లేదు, కానీ గొడవ వేరే ఉంది. ముప్పైమంది ఉన్న గ్రూపులో ఒకరు మొదలుపెడితే మిగతా అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెడతారు, మధ్యాహ్నానికల్లా "ఏమైంది?" అని ఆ ముప్పైమందే అడుగుతారు. ఆ ప్రశ్నకి గ్రూపులో జవాబు చెప్పడం రిజెక్ట్ అయినవాడికి ఎంత నరకమో ఊహించుకోండి. తెలిసినవాళ్ళకి విడిగా చెప్పండి, ఎవరికి వాళ్ళు రేపు సాయంత్రంలోపు ఒక్క లైను పంపుకోమనండి, ఫలితం వాడు చెప్పమన్నప్పుడు మీరొక్కరే చెబుతారని ముందే అనేసుకోండి. ఇది మీరు వాడికి చేయగలిగిన అతి పెద్ద సాయం, మెసేజ్ కన్నా కూడా.

ఎల్లుండి మధ్యాహ్నం సంగతి కూడా చెప్పేస్తా, ఎందుకంటే చాలామంది అక్కడే తడబడతారు. ఫలితం రెండు రకాలు అనుకుంటాం, మూడు. అప్రూవ్ అయితే మామూలుగా పాస్‌పోర్ట్ వాళ్ళే ఉంచుకుంటారు, వీసా అతికించి తర్వాత ఇస్తారు. 214(బి) అయితే పాస్‌పోర్ట్‌తో పాటు ఒక కాగితం చేతికిస్తారు. ఈ రెండూ అప్పటికప్పుడు తెలిసిపోతాయి. మూడోది 221(జి), అంటే ఇంకేదో కాగితం కావాలనో, ఇంకా పరిశీలన జరగాలనో ఆపి ఉంచడం. అది రోజుల్లో తేలొచ్చు, వారాలు పట్టొచ్చు, కొన్నిసార్లు నెలలు. ఈ మూడోదాంట్లో ఉన్నవాడు స్టేటస్ పేజీ తెరిస్తే అక్కడ "Refused" అని కనిపిస్తుంది. చూసి గుండె జారిపోతుంది, కానీ 221(జి) కేసుల్లో అడిగింది ఇచ్చి పరిశీలన పూర్తయ్యేదాకా అలా కనబడటం మామూలే, తర్వాత అదే పేజీ "Issued" అని మారినవాళ్ళు చాలామంది ఉన్నారు. వాడు మీకు ఆ స్క్రీన్‌షాట్ పంపితే మొదట అడగాల్సింది ఒకటే, "చేతికి ఇచ్చిన కాగితం మీద ఏ సెక్షన్ రాసుంది?" అని. 221(జి) అయితే దాని మీద ఏం అడిగారో, ఎలా పంపమన్నారో రాసి ఉంటుంది, కూర్చుని అది కలిసి చదవండి. రోజూ "అప్‌డేట్ ఏమైనా ఉందా" అని మాత్రం అడగకండి, ఉంటే వాడు చెప్పకుండా ఆగలేడు.

214(బి) అయితే ఆ రోజు కారణాలు తవ్వకండి. "ఏం అడిగారు, నువ్వేం చెప్పావు, అయ్యో అలా ఎందుకన్నావు" అనేది వాడు ఇంటి దగ్గర ఎలాగూ ఎదుర్కుంటాడు. ఒక్క ఉపయోగపడే పని ఏంటంటే, అడిగిన ప్రశ్నలూ చెప్పిన జవాబులూ మర్చిపోకముందే ఒక కాగితం మీద రాసి పెట్టుకోమని రాత్రికి నెమ్మదిగా చెప్పడం. మళ్ళీ వెళ్ళాలనుకుంటే అదొక్కటే పనికొచ్చే వస్తువు, కాగితంలో ఉండేది అందరికీ ఇచ్చే అచ్చు మాటలే. మీరు రేపు సాయంత్రం పంపిన మెసేజ్‌లో ఫ్రీగా ఉంటానని రాశారు కాబట్టి ఉండండి, బయటికి వెళదామా ఇంట్లోనే కూర్చుందామా అని వాడినే అడగండి.

అప్రూవ్ అయితే కంగ్రాట్స్ చెప్పండి, గట్టిగానే చెప్పండి, కానీ టికెట్ బుక్ చేయమని తొందరపెట్టకండి. వీసా చేతికొచ్చేదాకా ప్రయాణం ఖాయం చేసుకోవద్దని వాళ్ళే చెబుతారు. పాస్‌పోర్ట్ వచ్చాక అందులో పేరు స్పెల్లింగు, పుట్టిన తేదీ, వీసా రకం ఐ-20తో సరిపోయాయో లేదో ఇద్దరూ కలిసి చూడండి, తప్పుంటే అప్పుడే దిద్దించుకోవడం తేలిక. బ్యాచ్ గ్రూపులో చెప్పడం ఆ తర్వాత పెట్టుకోండి.